పాత వస్తువు – పాత కాగితం: 4వ పాఠం. రసీదు ఏ పెట్టెది?

పోయిన పాఠంలో బీరువాలు, ట్రంకు పెట్టెలు వెతికి, అమ్మదలచుకున్న వస్తువుకు సంబంధించిన ప్రతి కాగితాన్నీ బయటికి తీయమన్నాను. చాలామంది తీశారు, ఫోటోలు పంపారు. వస్తువు ఫోటో ఒకటి, రసీదు ఫోటో ఒకటి, కింద "మా తాతగారిదేనండీ, ఎంత పలుకుతుంది?" అన్న ప్రశ్న. ఆ రసీదు ఈ వస్తువుదే అని చెప్పే ఆధారం ఏమిటో మాత్రం దాదాపు ఎవరూ రాయలేదు. అందుకే ఈసారి మొదలుపెట్టాల్సిన పాత ఫోటోల సంగతి వాయిదా వేసి, దీని మీదే కూర్చుందాం.

దానికి ముందు ఒక మాట. దొరికిన కాగితాలకు దయచేసి లామినేషన్ చేయించకండి. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడి రాదు. కాగితం నేత, సిరా ఇంకిన తీరు, స్టాంపు అంచులు కొనేవాడు వేలితో తడిమి, వెలుతురుకు పట్టి చూస్తాడు. లామినేట్ చేస్తే అవన్నీ మూసుకుపోయి, జిరాక్సుకూ అసలుకూ తేడా తెలియదు. మామూలు ప్లాస్టిక్ ఫోల్డర్‌లో వదులుగా పెడితే చాలు.

ఇప్పుడు అసలు విషయం. గ్రామఫోన్ల సంగతే తీసుకుంటాను, ఎందుకంటే మన దేశంలో ఇంత విరివిగా నకిలీ తయారయ్యే పాత వస్తువులు తక్కువ. కొత్త చెక్క పెట్టె, మెరిసే ఇత్తడి గొట్టం, లోపల ఎక్కడిదో పాత మోటారు, ముందువైపు కుక్క బొమ్మ ఉన్న కొత్త హెచ్.ఎమ్.వి. బిళ్ల. ఇవి పాత బజార్లలో ఎప్పటినుంచో అమ్ముతున్నారు. కాబట్టి కంపెనీ బిళ్ల ఒక్కటే చూపిస్తే కొనేవాడికి నమ్మకం కుదరదు. అనుమానం ఉన్నంతసేపూ ధర కిందికే లాగుతాడు. కాగితం చేసే పని ఆ అనుమానాన్ని తీయడమే. ధర పెరిగేది అక్కడ.

ఒక ఉదాహరణ వేసుకుందాం. తెనాలి దగ్గర ఒక ఇంట్లో హెచ్.ఎమ్.వి. 102 ఉంది. 1931లో వచ్చిన మోడల్ అది, సూట్‌కేసులా మూత వేసి చేత్తో పట్టుకెళ్లే పెట్టె గ్రామఫోను. దానితో పాటు 1938 నాటి మద్రాసు దుకాణం రసీదు దొరికింది. ధర రూపాయలు, అణాలు, పైలుగా మూడు గడుల్లో ఉంది. కింద ఆరో జార్జి బొమ్మతో అణా రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా దుకాణదారు సంతకం. ఇరవై రూపాయలు దాటిన రసీదుకు అప్పట్లో అణా స్టాంపు తప్పనిసరి. ఆరో జార్జి రాజయింది 1936 చివర్లో, కాబట్టి 1938 తేదీకి ఆ బొమ్మ పొసుగుతుంది. అదే బొమ్మ 1934 తేదీ వేసిన రసీదు మీద ఉంటే కాగితం పక్కన పడేయాల్సిందే. అణాల లెక్క పోయి నయాపైసల లెక్క 1957 ఏప్రిల్ 1న మొదలైంది, పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ఈ రెండు తేదీలు గుర్తుంటే మొరటు నకిలీలు చాలావరకు అక్కడికక్కడే పట్టుబడతాయి.

సరే, రసీదు నిజమైనదే. అయితే ఏం రుజువైంది? 1938లో ఎవరో ఒక 102 కొన్నారని మాత్రమే. మీ ఎదురుగా ఉన్న పెట్టె అదేనని కాదు. ఇక్కడే అందరూ బోల్తా పడుతున్నారు, నాకు విసుగొచ్చేదీ ఇక్కడే. ఆ ఇంట్లో రెండు గ్రామఫోన్లు ఉండేవేమో. మొదటిది పాడైతే 1950ల్లో పాతదే ఇంకొకటి కొన్నారేమో. అల్లుడుగారు తెచ్చిన పెట్టె ఇక్కడే ఉండిపోయిందేమో. రసీదూ నిజమై, పెట్టే నిజమై, రెంటికీ సంబంధం లేకపోవడం ఎక్కడైనా జరిగేదే. మోసం చేసే అమ్మకందార్లు కావాలనే చేసే పని కూడా ఇదే. ఎక్కడో దొరికిన అసలు రసీదును ఇంకెక్కడో దొరికిన పెట్టెకు జత చేస్తారు.

రెంటినీ కలిపేది ముందుగా తయారీ సంఖ్య. రసీదులో సంఖ్య రాసి ఉంటే, పెట్టె మీద ఉన్న సంఖ్యతో అంకె అంకె పోల్చండి. అది కలిస్తే వాదనే లేదు. చాలా రసీదుల్లో సంఖ్య ఉండదు. అప్పుడు మోడల్, రంగు చూడండి. 102 నలుపులోనే కాక నీలం, ఎరుపు, ఆకుపచ్చ తొడుగులతో కూడా వచ్చింది. రసీదులో నలుపు అని ఉండి పెట్టె ఎర్రగా ఉంటే అది వేరే పెట్టె. తర్వాత దుకాణం చీటీ. మూత లోపల అమ్మిన దుకాణం పేరుతో చిన్న చీటీ ఉండి, అదే పేరు రసీదు మీద ఉంటే బలమైన ముడి పడినట్టే. ఆ చీటీ పాతదేనా అని చూడటానికి పీకకండి. దాని అంచు వెంట పేరుకున్న మురికి గీత, చెమ్మకు వచ్చిన మరక చీటీ మీదికీ తొడుగు మీదికీ తెగకుండా సాగాయా అన్నది భూతద్దంతో చూడండి. కొత్తగా అతికిస్తే మరక అంచు దగ్గరే తెగిపోతుంది.

నాకు ఇష్టమైన గుర్తు ఇంకొకటుంది. పాత రోజుల్లో కాగితాలను గుండుసూదితో గుచ్చేవారు. రసీదు మీద తుప్పు మరక, దానితో దొరికిన ఉత్తరం మీద అదే చోట అదే ఆకారంలో తుప్పు మరక ఉంటే ఆ రెండూ ఏళ్ల తరబడి కలిసి ఉన్నాయన్నమాట. ఆ సూదిని తీయకండి, ముందు అలాగే ఫోటో తీయండి.

తెనాలి ఇంటికి వద్దాం. 1938 తర్వాత పెట్టె ఎవరి దగ్గరుంది? 1949లో ఊరి నుంచి తమ్ముడికి రాసిన కార్డులో "గ్రామఫోను స్ప్రింగు తెగింది, బెజవాడ పంపాను" అని ఉంది. కార్డు మీది పోస్టాఫీసు ముద్ర ఆ ఇంటివాళ్లు వేసుకునేది కాదు, బయటివాళ్లు వేసినది. అందుకే దానికి విలువ ఎక్కువ. 1961 పారీకత్తులో చరాస్తుల కింద "గ్రామఫోను పెట్టె 1" రెండో కొడుకు వాటాకు వచ్చింది. పంపకం రిజిస్టరు అయి ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి. అన్నదమ్ములు సంతకాలు పెట్టిన జాబితా కాబట్టి కొనేవాడు దాన్ని గౌరవిస్తాడు.

కొందరు ఈ మధ్య స్టాంపు పేపరు కొని "ఇది మా తాతగారిది" అని నోటరీ చేయించి పంపారు. అది ఈనాటి మీ మాట మాత్రమే. సంతకం మీదేనని నోటరీ చెబుతాడు గానీ పెట్టె ఎవరిదో ఆయన చెప్పలేడు. ఖాళీలు పూరించడానికి పనికొస్తుంది, పాత కాగితానికి బదులు కాదు.

ఇంకో సంగతి, పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్లకు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. అప్పుడు దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. మీ రసీదు 1912 నాటి గొట్టం గ్రామఫోనుదని రుజువైతే ధరా పెరుగుతుంది, అమెరికాకు పంపే దారీ మూసుకుపోతుంది. 1938 పెట్టెకు ఆ ఇబ్బంది లేదు. అయినా వయసు తేలకపోతే పురావస్తు శాఖ నుంచి పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకున్నాకే పంపండి.

ఇక అభ్యాసం. మీ వస్తువుకు ఒక పేజీ పట్టిక గీయండి. మొదటి గడిలో సంవత్సరం, రెండో గడిలో అప్పుడు ఎవరి దగ్గరుంది, మూడో గడిలో ఆధారం, నాలుగో గడిలో ఆ కాగితంలో అక్షరాలా ఏముంది. మీ మాటలు వద్దు, కాగితంలో ఉన్నదే రాయండి. ఆధారం లేని ఏళ్లను ఖాళీగా వదలండి. ఇరవై ఏళ్ల ఖాళీ ఉన్నా నిజాయితీగా చూపించిన పట్టికను, అతుకులేసి నింపిన పట్టిక కన్నా ఎక్కువ నమ్ముతారు. తర్వాత దాన్ని ఆ వస్తువు గురించి ఏమీ తెలియని వాళ్లకిచ్చి, ప్రతి గీత దగ్గరా "ఇది అదే పెట్టె అని ఎలా తెలుసు?" అని అడగమనండి. జవాబు లేని గీతల పక్కన ఎర్ర సిరాతో చుక్క పెట్టండి. ఈసారి నాకు వస్తువు ఫోటో కాదు, ఆ చుక్కలున్న పట్టిక పంపండి. వచ్చే పాఠంలో పెళ్లి ఫోటోల్లో వెనకాల కనిపించే వస్తువులతో కొన్ని చుక్కలైనా చెరిపేద్దాం.