సెంటర్ బిగుసుకోకముందే ఎత్తులు లెక్కపెట్టండి

అనంతపురంలో మా దగ్గర డ్రాఫ్ట్స్ ఆడే పిల్లలు వేసవి పోటీలకు సిద్ధమవుతున్నారు. నూరు గళ్ల బోర్డు మీద వాళ్లు ఎక్కువగా ఓడేది సెంటర్‌లో రెండు వైపుల పావులూ బిగుసుకున్నాక, ఆడడానికి మంచి ఎత్తు మిగలక. పోటీకి ముందు ఈ ఒక్కటీ సరిచేసుకుంటే చాలా ఆటలు నిలబడతాయి.

పావులు నడిచే గళ్లకు 1 నుంచి 50 వరకు నంబర్లుంటాయి, తెల్ల పావులు 50 వైపు నుంచి 1 వైపు నడుస్తాయి. 28లో పావు పెడితే సెంటర్ మీ చేతిలో ఉన్నట్టే. కానీ 32 ఖాళీ అయితే 23లోని నల్ల పావు దాన్ని తినేస్తుంది, 33 ఖాళీ అయితే 22 నుంచి తింటుంది. కాబట్టి ఆ రెండు గళ్లూ నిండి ఉండాలి.

బోర్డు మీద ఈ స్థితి పెట్టి చూడండి. తెల్లవి 28, 32, 33. నల్లవి 18, 19, 23. తెల్ల వంతు. 28–22 ఆడితే 18లోని పావు 22ను, 32ను, 33ను వరసగా తిని ఆట ముగిస్తుంది. 32–27 ఆడితే 28, 27 రెండూ పోతాయి. 33–29 ఆడితే ఒక్కటే పోతుంది గానీ, నల్ల పావు 34కు చేరి మూడు ఎత్తుల్లో చివరి వరుస చేరి కింగ్ అవుతుంది. పులి మేకలో పులిని కట్టేసినట్టే, కదిలితే ముప్పు, కదలక తప్పదు.

ఇక్కడ ముందుకు దూసుకెళ్లడం లాభం కాదు. ఎక్కువ నడిచిన పావులకు మిగిలిన ఎత్తులు తక్కువ. సెంటర్ బిగుసుకునేలోపే మీకూ ఎదుటివాళ్లకూ పక్కల మిగిలిన, పావు పోని ఎత్తులు లెక్కపెట్టండి. వంతు మీదైతే ఎదుటివాళ్లకంటే కనీసం ఒక ఎత్తు ఎక్కువ ఉండాలి. సమానంగా ఉన్నా మీరే ముందు చిక్కుకుంటారు.

లెక్క తేలకపోతే మార్పిడికి దిగండి. పై స్థితిలోనే 40లో, 45లో కూడా తెల్ల పావులుంటే 33–29 మంచి ఎత్తు అవుతుంది. 23లోది 29ను తిని 34లో ఆగుతుంది, 40లోది దాన్ని తిరిగి తిని 29లో నిలబడుతుంది. 45 ఖాళీ వదిలితే మాత్రం అదే నల్ల పావు 40ను కూడా తినేస్తుంది. పిల్లలు ఎక్కువగా మరిచిపోయేది ఈ వెనక గడినే.

ఇక ఎదుటివాళ్ల వరసకు గండి కొట్టి కింగ్ కోసం దూసుకెళ్లడం ఎప్పుడు? మొదటి స్థితిలోనే వంతు నల్లదైతే వాళ్లు 18–22 ఆడవచ్చు. మీ 28 దాన్ని తిని 17కు చేరుతుంది. అక్కడి నుంచి చివరి వరుస మూడు ఎత్తులే. అయితే బయల్దేరేముందు 1 నుంచి 5 వరకు గళ్లలో నల్ల పావులు కాపలా ఉన్నాయేమో చూడండి. ఎక్కువ పావులు తినగలిగే దారినే పట్టాలన్న నియమం ఉంది కాబట్టి, ఎదుటివాళ్లు ఒకటి రెండు పావులు ఎర వేసి మీ కొత్త కింగ్‌ను ఉచ్చులోకి లాగగలరు. కింగ్ అయిన వెంటనే వచ్చే ఎత్తులో వాళ్లు ఏం ఇవ్వగలరో కూడా ముందే చూసుకుని బయల్దేరండి.