రిటర్నుకు ముందు కరెంట్ అకౌంట్ లెక్క: జాగ్రత్తలు

ఆదాయపు పన్ను రిటర్ను వేసేముందు కరెంట్ అకౌంట్‌లో పడిన జమలను టర్నోవర్‌తో సరిచూసుకోవాలి. అందులో బావమరిది అప్పుగా పంపిన 4 లక్షల లాంటి జమ ఉంటే దానికి కాగితం రాయించుకోండి. అది అమ్మకం కాదని మనకు తెలిస్తే చాలదు. ఇచ్చినవారెవరు, వారికంత స్తోమత ఉందా, లావాదేవీ నిజమా అని అధికారి అడుగుతారు. వారి పాన్, కన్ఫర్మేషన్ లెటర్, బ్యాంకు స్టేట్‌మెంటు లేకపోతే ఆ డబ్బును మీ ఆదాయంలో కలిపేయవచ్చు. 20 వేలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడమే కుదరదు.

బ్యాంకులో పడేది జీఎస్టీతో కలిపి, రిటర్నులో టర్నోవర్ జీఎస్టీ లేకుండా. రెండింటినీ నేరుగా పోల్చకండి.

ఒక హార్డ్‌వేర్ షాపు చూడండి. అన్నీ 18 శాతం సరుకులే. టర్నోవర్ 50 లక్షలు, జీఎస్టీతో 59. బ్యాంకు జమలేమో 65. అందులోంచి అప్పు 4, బౌన్సయిన చెక్కు 1, నిరుటి బాకీల వసూలు 3 తీసేస్తే 57. ఈ ఏడు అమ్మి ఇంకా రాని 2 కలిపితే 59. సరిపోయింది.

చెక్కు బౌన్సయితే జమ వరుస అలాగే ఉంటుంది, కింద అదే మొత్తానికి డెబిట్ వరుస పడుతుంది. జమల మొత్తం మాత్రమే కూడితే ఇది దొరకదు, చాలామంది ఇక్కడే గంటలు పోగొట్టుకుంటారు.

కార్డు మెషిన్ డబ్బు చార్జీ కోసుకుని పడుతుంది. అమ్మకం మాత్రం బిల్లు మొత్తమే, చార్జీ ఖర్చులోకి.

గల్లాపెట్టెలోంచే ఖర్చయిన నగదు అమ్మకాలు స్టేట్‌మెంటులో కనబడవు. క్యాష్ బుక్ పక్కన పెట్టుకోండి.

తేడా తేలకపోతే టర్నోవర్‌ను పెంచి సరిపెట్టకండి, జీఎస్టీ రిటర్నుతో కొత్త తేడా పుడుతుంది.