బుగ్గల మీద మంట తగ్గింది మేకప్ స్పాంజ్ పారేశాక

రెండు నెలలుగా ఫౌండేషన్ రాసిన చోటల్లా సన్నటి పొక్కులు, కాస్త మంట, ముఖం కళ తప్పినట్టు ఉండేది. ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్ మార్చినా లాభం లేదు. చివరికి స్పాంజ్‌ని మధ్యకి కోసి చూస్తే, పైకి శుభ్రంగానే ఉన్నా లోపల నల్లటి చుక్కలు. బూజు కడిగినా పోదు, అందుకే పారేశాను.

కొత్తదాన్ని వాడిన ప్రతిసారీ తడిపి, వాసన లేని మైల్డ్ సబ్బు రాసి, నీళ్లు తేటగా వచ్చేదాకా అరచేతిలో నొక్కుతాను, మెలిపెడితే చిరుగుతుంది. తర్వాత గాలి తగిలేచోట ఆరబెడతాను, తడిగా డబ్బాలో పెట్టను. బ్రష్‌లు వారానికోసారి, కుచ్చు కిందికి ఉంచి కడుగుతాను, లేకపోతే పిడిలోకి నీళ్లు దిగి జిగురు వదులవుతుంది.

ఫౌండేషన్ సీసా మీద మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12M అని ఉంది, అంటే తెరిచాక 12 నెలలు. నాది తెరిచి రెండేళ్లు, అదీ పారేశాను.

మూడు వారాల్లో తగ్గింది. రెండూ ఒకేసారి మార్చాను కాబట్టి ఏది కారణమో చెప్పలేను. దురద, వాపు ఉంటే మాత్రం అలర్జీ కావచ్చు, స్కిన్ డాక్టర్‌కి చూపించుకోండి.