ఆసుపత్రి బిల్లు చదవడం – 3వ పాఠం: గదితో పాటు కోత పడేవి

పోయిన పాఠంలో పాలసీ షెడ్యూల్‌లో రూమ్ రెంట్ పరిమితి ఎక్కడ ఉంటుందో చూశాం. ఈసారి దాన్ని అసలు బిల్లు పక్కన పెడదాం.

బెంగళూరు మారతహళ్ళిలో ఉండే మా బావగారికి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. డిశ్చార్జ్ రోజు అక్క మూడు స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో పంపి, "ఒరేయ్, చేతి నుంచి ఎంత పడుతుందో తొందరగా చెప్పు, డబ్బు సర్దుకోవాలి" అంది. పాలసీ 5 లక్షలది. రూమ్ రెంట్ రోజుకు అందులో 1 శాతం, అంటే 5,000. కో-పే, అంటే ఒప్పుకున్న మొత్తంలో మనం పెట్టుకోవాల్సిన వాటా, 10 శాతం.

ముందు చేయాల్సింది కూడిక. అన్ని వరుసలూ కూడితే 1,66,000 వచ్చింది. కింద బిల్లు మొత్తం మాత్రం 1,58,000. తేడా సరిగ్గా 8,000. చూస్తే డాక్టర్ విజిట్ల వరుస రెండో స్క్రీన్‌షాట్ అడుగునా ఉంది, మూడోదాని పైనా ఉంది. స్క్రోల్ చేస్తూ తీసిన స్క్రీన్‌షాట్లలో ఇది మామూలే. కూడిక తక్కువ వస్తే మధ్యలో ఏదో తెగిపోయిందని అర్థం, మళ్ళీ పంపమనండి. మొత్తం కలవకుండా ముందుకు వెళ్ళొద్దు.

ఇక గది. బిల్లులో గది 7,000, నర్సింగ్ 1,000 వేర్వేరు వరుసల్లో ఉన్నాయి. అక్క 7,000తోనే లెక్క వేసుకుంది. కానీ వాళ్ళ పాలసీలో 'నర్సింగ్‌తో కలిపి రూమ్ రెంట్' అని ఉంది. కాబట్టి రోజుకు 8,000 అయినట్టు. 5,000ని 8,000తో భాగిస్తే 0.625. ఈ పాఠమంతా ఈ అంకె చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకంటే చాలా ఆసుపత్రుల్లో గది స్థాయి పెరిగితే సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ కూడా పెరుగుతాయి. పెద్ద గది మీరు ఎంచుకున్నారు కాబట్టి ఆ పెరిగిన ఫీజుల్లోనూ అదే నిష్పత్తిలో ఇస్తానంటుంది బీమా కంపెనీ. దీన్నే ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. అయితే మందులు, కన్స్యూమబుల్స్, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో చెప్పింది. ఐసీయూ చార్జీలకూ వర్తించదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రి అయితే అసలు ఈ కోతే ఉండదు. ఆ మాట బిల్లింగ్ కౌంటర్లో అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు బావగారి బిల్లు. నాలుగు రోజుల గది, నర్సింగ్ కలిపి 32,000. అందులో వచ్చేది 20,000. సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్, విజిట్లు కలిపి 80,000, దాన్ని 0.625తో గుణిస్తే 50,000. మందులు, కన్స్యూమబుల్స్ 30,000. వీటికి నిష్పత్తి కోత లేదు గానీ, పాలసీ చివర ఉండే 'చెల్లించని వస్తువుల' జాబితాతో వరుసగా పోల్చాలి. డైపర్లు, థర్మామీటర్, పొట్టకు కట్టే బెల్టు లాంటివి 4,200 పోయి 25,800 మిగిలింది. పరీక్షలు 14,000 పూర్తిగా వస్తాయి. అక్క తిన్న భోజనం, ఫైల్ చార్జీలు 2,000 మాత్రం మనవే.

వచ్చేవన్నీ కలిపితే 1,09,800. కో-పే ఇప్పుడు, దీని మీదే వేయాలి. మొత్తం బిల్లు మీద వేసి 15,800 అనుకుని కంగారు పడేవాళ్ళను చూశాను. 10,980 తీస్తే కంపెనీ ఇచ్చేది 98,820. చేతి నుంచి 59,180. ముందే 20,000 డిపాజిట్ కట్టారు కాబట్టి కౌంటర్లో కట్టాల్సింది 39,180.

అక్క గుండె గుభేల్మంది. గదికి రోజుకు 2,000 ఎక్కువైతే నాలుగు రోజులకు 8,000 పోతుందిలే అనుకుంది. సర్జన్ వైపు మరో 30,000 పోతుందని ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం వచ్చిన ఆమోద పత్రంలో మాత్రం 94,095 అని ఉంది. నా లెక్కకు 4,725 తక్కువ. ఇలాంటప్పుడు తేడాను కో-పేకి ముందున్న అంకెగా మార్చండి: 4,725ని 0.9తో భాగిస్తే 5,250. అది 14,000లో సరిగ్గా 37.5 శాతం, 1లోంచి మన 0.625 తీస్తే మిగిలేదీ అదే. అంటే పరీక్షల మీద కూడా నిష్పత్తి కోత వేశారు! ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో ఆ ఒక్క వరుస చూపించి, మళ్ళీ పంపమని బావగారు అడిగారు. రెండు గంటల తర్వాత సవరించిన పత్రం వచ్చింది, 98,820తో.

అభ్యాసం: ఇదే పాలసీలో 'నర్సింగ్‌తో కలిపి' అన్న మాట లేదనుకోండి. నర్సింగ్‌ను విడిగా, పూర్తిగా ఇస్తారనుకుని నిష్పత్తి ఎంతవుతుందో, కౌంటర్లో ఎంత కట్టాలో వేసి చూడండి. జవాబు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాను.