ఆంబోతు కాలు దువ్వితే: సంక్రాంతికి ముందు జాగ్రత్తలు

సార్వా కోతలు అయిపోయాయి. పశువులు ఖాళీ చేలల్లో మేస్తున్నాయి, వాటి వెనకే దేవుడి పేరున వదిలిన ఆంబోతు తిరుగుతోంది. ఇంకొన్ని రోజుల్లో పట్నం నుంచి పిల్లలు దిగుతారు, సెల్‌ఫోన్లు పట్టుకుని కాలువగట్ల మీద పడతారు. వాళ్లు రాకముందే ఇంట్లో పెద్దవాళ్లు ఈ విషయం ఒకసారి మాట్లాడుకోవాలి.

"కయ్యానికి కాలు దువ్వడం" అని రోజూ అంటూనే ఉంటాం. నిజంగా దువ్వుతున్న ఆంబోతు ముందు నిలబడినప్పుడు మాత్రం ఆ మాటకు అర్థం చాలామందికి తట్టదు. అది ఎదుటివాడిని భయపెట్టి పంపేయడానికి చేసే పని. 500 కిలోల పైబడిన రెండు జంతువులు పొడుచుకుంటే గెలిచినదానికీ దెబ్బలు తగులుతాయి. అందుకే ముందు తన ఒడ్డూ పొడుగూ, బలం చూపించి, ఎదుటిది తప్పుకుంటుందేమో చూస్తుంది. చాలాసార్లు రెండో ఆంబోతు తల తిప్పుకుని వెళ్లిపోతుంది, గొడవ అక్కడితో సరి. మనిషికి ఆ భాష తెలియక అక్కడే నిలబడిపోతాడు. ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

ఇక్కడ ఎక్కువమంది పొరబడేది మొదటి గుర్తు దగ్గరే. కోపం వచ్చిన ఆంబోతు ముందుగా మన వైపు పక్కకు తిరిగి నిలబడుతుంది. వీపు విల్లులా వంచి, మెడ బిగించి, తల కాస్త దించి తన నిలువెత్తు శరీరాన్ని మనకు చూపిస్తుంది. కళ్లు ఉబ్బినట్టు కనిపిస్తాయి. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి అటు తిరిగి ఉన్నా మనల్ని చూస్తూనే ఉంటుంది.

పోయిన కనుమనాడు మా మేనల్లుడు సరిగ్గా ఇక్కడే పొరబడ్డాడు. కాలువగట్టు మీద మాకు 30 అడుగుల దూరంలో ఆంబోతు అడ్డంగా నిలబడి ఉంది. "మామయ్యా, అది మన వైపు చూడట్లేదు, పక్కనుంచి వెళ్లిపోదాం" అన్నాడు. అంతలోనే అది ముందుకాలితో నేలను వెనక్కి గీరింది. మట్టిపెళ్లలు ఎగిరి దాని మూపురం మీదే పడ్డాయి. ముక్కుతో గట్టిగా బుస కొట్టింది, మోకాళ్ల మీద వంగి మెడను ఆ మట్టిలో రాసింది. వెనక్కి చూస్తే, మాకు కాస్త దూరంలో ఎదకు వచ్చిన ఆవు కట్టేసి ఉంది. ఆంబోతుకూ ఆవుకూ మధ్యలో ఉన్నది మేమే! వాడి భుజం పట్టుకుని, ముఖం ఆంబోతు వైపే ఉంచి, అడుగులో అడుగు వేసుకుంటూ పక్కన చేలోకి దిగాం. దారి దొరకగానే అది తిన్నగా ఆవు దగ్గరికి వెళ్లిపోయింది. మా వైపు మళ్లీ చూడలేదు.

ఈగల కోసం కొట్టే కాలుకూ దీనికీ తేడా ఉంది. ఈగలు ముసిరితే పశువు కాలు ఎత్తి ఉన్నచోటే టపటప కొడుతుంది, తోక విసురుతుంది, మేత ఆపదు. కాలు దువ్వేటప్పుడు మేత మానేస్తుంది, ఒళ్లంతా బిగుసుకుపోతుంది, గిట్ట నేలను వెనక్కి దున్నుతుంది.

పక్కకు తిరిగి ఉన్నంతసేపూ మీకు టైమ్ ఉన్నట్టే. కనీసం 20 అడుగుల దూరం పెరిగేదాకా మెల్లగా, ఏటవాలుగా తప్పుకోండి. వీపు చూపించి పరుగెత్తవద్దు, పరుగులో మనిషి దాన్ని మించలేడు. రాయి విసరడం, కర్ర ఝళిపించడం, కేకలు పెట్టడం దానికి ఎదురు సవాలే. ఎర్రచీర గురించి టెన్షన్ అక్కర్లేదు, అది రెచ్చిపోయేది రంగుకు కాదు, కదలికకు. అది ముఖాన్ని మీకు ఎదురుగా తిప్పి, తల కిందికి దించి, భుజాలు ఎగదోసిందంటే మాత్రం ఇక ఆలస్యం చేయవద్దు. కొబ్బరిచెట్టు వెనక్కో, కంచె అవతలికో చేరండి. మీదికి వచ్చేస్తుంటే తువ్వాలో, గొడుగో ఒక పక్కకు విసిరి రెండో పక్కకు తప్పుకోండి. కింద పడితే లేచి నిలబడాలని చూడకుండా చెట్టు వైపో, కంచె వైపో దొర్లండి. కొమ్ము కడుపులో దిగితే పైన గాయం చిన్నదిగా కనిపించినా లోపల పేగు తెగి ఉండొచ్చు. పసుపు అద్ది ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈ గుర్తులన్నీ ప్రతిసారీ కనిపిస్తాయని నమ్మకం పెట్టుకోవద్దు. మూలకు చిక్కిన కోడె ఏ సూచనా లేకుండా మీదికి దూకుతుంది. చిన్నప్పుడు పాలసీసాతో ఒంటరిగా పెంచిన కోడెదూడ ఇంకా ప్రమాదం. దానికి మనిషంటే బెదురు ఉండదు, ఎదిగాక మనిషినే తోటి ఆంబోతులా చూస్తుంది. కనుమ రోజు కొమ్ములకు రంగులు వేసేటప్పుడు అలాంటి కోడె దగ్గరికి పిల్లలను పంపకండి. దాన్ని రోజూ మేపే మనిషి ముకుతాడు పట్టుకుని ఉంటేనే పెద్దవాళ్లయినా ముట్టుకోవాలి.