స్టార్టప్‌కి సొంత క్రెడిట్ స్కోరు తెచ్చుకోవడం ఎలా?

కొత్త కంపెనీ అప్పు అడిగితే బ్యాంకు ముందు ఫౌండర్ స్కోరే చూస్తుంది. కంపెనీ పేరు మీద చూడ్డానికి ఇంకా ఏమీ ఉండదు మరి. ఆ ఖాళీ నింపడానికి అప్పే తీసుకోనక్కర్లేదు, సరుకు అరువిచ్చే ఇద్దరు ముగ్గురు సప్లయర్లతో మొదలుపెట్టవచ్చు.

ముందు కంపెనీ చట్టప్రకారం మీ నుంచి వేరు కావాలి. సొంత పేరుతో నడిపే వ్యాపారంలో ఏ అప్పయినా మీదే అవుతుంది. కంపెనీని రిజిస్టర్ చేయించి, దాని పేరు మీదే బ్యాంకు ఖాతా తెరవండి. రిజిస్ట్రేషన్ పత్రంలో పేరు, అడ్రసు ఎలా ఉన్నాయో ప్రతి ఇన్వాయిస్‌లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే రాయించండి. ఒకచోట ‘లిమిటెడ్’ ఎగిరిపోయి, ఇంకోచోట పాత అడ్రసు ఉంటే, చెల్లింపుల చరిత్ర నమోదు చేసి స్కోరు ఇచ్చే క్రెడిట్ బ్యూరోలో మీ కంపెనీకి రెండు ఫైళ్లు తయారవ్వొచ్చు. అప్పుడు మీరు టైముకి కట్టిన చరిత్ర రెండు ముక్కలైపోతుంది.

తర్వాత డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అనే క్రెడిట్ బ్యూరో దగ్గర, మీ కంపెనీని గుర్తించే డన్స్ నంబరు తీసుకోండి. తొమ్మిది అంకెల ఈ నంబరు ఉచితంగానే వస్తుంది. కానీ నంబరు వచ్చినంత మాత్రాన స్కోరు రాదు.

స్కోరు పుట్టేది సప్లయర్ల దగ్గర. ముప్పై రోజుల గడువుతో అరువిచ్చేవాళ్లని వెతికి, ఖాతా తెరిచే ముందే ఒక మాట అడగండి: “మా చెల్లింపుల వివరాలు బ్యూరోకి పంపిస్తారా?” పంపనివాళ్ల దగ్గర ఏళ్ల తరబడి ఠంచనుగా కట్టినా ఆ సంగతి బ్యూరోకి తెలియదు. సొంత కార్డుతో కడితే, ఆ కార్డు వాడకం మీ వ్యక్తిగత రిపోర్టులోకే పోతుంది.

డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ ఇచ్చే పేడెక్స్ స్కోరు 1 నుంచి 100 వరకు ఉంటుంది. గడువులోగా కడితే 80, ముప్పై రోజులు ఆలస్యమైతే 50. పెద్ద బిల్లుకి బరువెక్కువ. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మీకు మూడు బిల్లులున్నాయనుకోండి: 100, 100, 800. చిన్నవి రెండూ టైముకి కట్టి, పెద్దది నెల ఆలస్యం చేశారు. మూడింట రెండు సరిగ్గానే కట్టారు, అయినా లెక్క సుమారు 56కి పడిపోతుంది. చేతిలో డబ్బు తక్కువున్న నెలలో ముందు పెద్ద బిల్లే తీర్చండి. మీరు పంపిన రోజు కాదు, వాళ్లకి ముట్టిన రోజు లెక్క. కాబట్టి గడువుకి వారం ముందే పంపడం మేలు.

కొన్ని నెలలయ్యాక రిపోర్టు తెప్పించి, ఆ సప్లయర్ల లావాదేవీలు కనిపిస్తున్నాయో లేదో సరిచూడండి. కనిపించకపోతే ఇన్వాయిస్‌లో పేరు దగ్గర తేడా ఉందేమో ముందు చూడండి.

స్కోరు వచ్చాక కూడా బ్యాంకులు మొదట్లో మీ వ్యక్తిగత గ్యారంటీ అడుగుతాయి. సంతకం పెడితే, కంపెనీ కట్టలేని అప్పు మీ మీదకే వస్తుంది. అందుకే సంతకానికి ముందే, ఎన్నాళ్లు సక్రమంగా కడితే గ్యారంటీ తీసేస్తారో అడిగి, ఆ షరతు ఒప్పందంలో రాయించుకోండి.