పరీక్షల టెన్షన్‌లో పాత సినిమా పెట్టినా మనసు కుదుటపడట్లేదా? తేడా ఎక్కడుందో చూద్దాం

పరీక్షలు దగ్గరపడేకొద్దీ చాలామంది కొత్త సినిమాల జోలికి పోకుండా, డైలాగులతో సహా నోటికొచ్చిన పాత సినిమానే మళ్ళీ పెట్టుకుంటారు. ఇంట్లోవాళ్ళేమో "చూసిందే ఎన్నిసార్లు చూస్తావ్" అంటారు. చూసిందే కాబట్టి చూస్తున్నారు! పరీక్షల్లో మనిషిని నలిపేసేది సిలబస్ కంటే ఎక్కువగా ఏమవుతుందో తెలియకపోవడమే. ఏ చాప్టర్ నుంచి ఇస్తారో, పేపర్ ఎలా వస్తుందో, సీటు వస్తుందో రాదో, రోజంతా అవే ప్రశ్నలు. బాగా తెలిసిన కథలో అలాంటి ప్రశ్న ఒక్కటీ ఉండదు, ముందేం జరుగుతుందో కాపలా కాయాల్సిన పని లేదు కాబట్టి మెదడు కాసేపు చేతులు కట్టుకుని కూర్చోగలదు.

ఇది మనకు కొత్తేమీ కాదు. 1957లో 'మాయాబజార్' వచ్చేనాటికే శశిరేఖా పరిణయం కథ నాటకాల్లో ఆడీ ఆడీ జనానికి కంఠతా వచ్చేసింది. పెళ్ళి అభిమన్యుడితోనే అవుతుందని తెలిసే టికెట్ కొనుక్కుని వెళ్ళారు. వాళ్ళు చూడటానికి వెళ్ళింది అది ఎలా అవుతుందో.

మరి తెలిసిన సినిమా పెట్టుకున్నా కొందరికి టెన్షన్ తగ్గదు, కొన్నిసార్లు పెరుగుతుంది కూడా. అలా అవుతుంటే కింద మీ లక్షణం ఏదో చూసుకోండి.

లక్షణం: అరగంట అనుకుని మొదలుపెడితే రాత్రి ఒంటిగంట అయింది

కారణం రెండింట్లో ఒకటి. మీరు పెట్టింది కొత్త సిరీస్ అయితే ప్రతి ఎపిసోడ్ చివర ఒక ముడి వేసి వదులుతారు, అది విప్పేదాకా మీకు నిద్ర పట్టదు. దాన్ని పరీక్షలయ్యేదాకా ముట్టుకోకండి. పాత సినిమానే పెట్టి కూడా ఇలా అయిందంటే మొదటి నుంచి పెట్టి ఉంటారు. మన పాత సినిమాలు రెండున్నర, మూడు గంటలు. మొదటి నుంచి పెడితే 'ఇంకొంచెం చూస్తే ఆ కామెడీ వస్తుంది' అనుకుంటూ కూర్చుండిపోతాం.

పరిష్కారం: సినిమాను కాదు, సీన్‌ను ఎంచుకోండి. తెలిసిన కథకున్న పెద్ద సుఖం అదే, ఎక్కడ మొదలుపెట్టినా అర్థమవుతుంది, ఎక్కడ ఆపినా లోటనిపించదు. ఎక్కడ ఆపాలో ప్లే నొక్కకముందే అనుకోవాలి.

ఇంటర్ సెకండియర్ వాళ్ళకు రేపు ఉదయం తొమ్మిదికి కెమిస్ట్రీ ఉందనుకోండి. రాత్రి ఎనిమిదింబావుకి కంచం ముందు కూర్చుని 'మాయాబజార్'లో పెళ్ళివారి విందు ఘటోత్కచుడు ఒక్కడే లాగించే పాట దగ్గర పెట్టండి. ఎస్వీ రంగారావు ఆ గంగాళాల మధ్య కూర్చుని చేసే హడావుడి చూస్తూ తింటే, పొద్దుటి నుంచి సరిగ్గా దిగని ముద్ద కూడా దిగుతుంది. తర్వాత శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడి సీన్ ఇంకొకటి. పైకి నాజూకుగా ఉంటూనే సావిత్రి ఒక్కసారిగా మగరాయుడిలా మారిపోయే ఆ క్షణం ఎప్పుడొస్తుందో ముందే తెలుసు, అయినా వచ్చేసరికి నవ్వొస్తుంది. ఎనిమిది నలభై ఐదుకు ఆపి కంచం కడిగేయండి. తొమ్మిది నుంచి పదింబావు దాకా రివిజన్, పదకొండు లోపల పడక. ఫోన్లో చూసేవాళ్ళు ఆటోప్లే ఆపెయ్యాలి, లేకపోతే మీరు ఆపాలనుకున్న చోట అది ఆగదు. టీవీలో వచ్చేదాన్ని నమ్ముకోవద్దు, యాడ్స్‌తో కలిపి ఆ ముప్పై నిమిషాలూ గంట అయిపోతాయి.

లక్షణం: సినిమా నడుస్తోంది, మనసు మాత్రం పుస్తకంలోనే ఉంది

ఏదో టాపిక్‌ను మధ్యలో వదిలేసి లేచి ఉంటారు. సగంలో వదిలిన పని బుర్రలో తిరుగుతూనే ఉంటుంది, ఎదురుగా బ్రహ్మానందం ఉన్నా సరే. లేచే ముందు ఒక చీటీ మీద తర్వాత చేయాల్సిన పని రాసి పుస్తకంలో పెట్టండి. 'ఆర్గానిక్ చదవాలి' అని రాస్తే లాభం లేదు. 'కానిజారో చర్య, ఆల్డాల్ కండెన్సేషన్ చూడకుండా రాయాలి, తర్వాత వాటి తేడా' అని రాయండి. తిరిగొచ్చి ఎక్కడ మొదలుపెట్టాలో ఖాయమైతే మనసు దాన్ని వదిలిపెడుతుంది.

'చదవకుండా ఇదేంటి' అన్న అపరాధభావం మాత్రం చీటీతో పోదు. దానికి విరుగుడు ఆ అరగంటను టైమ్‌టేబుల్లోనే రాసుకోవడం. దొంగచాటుగా చూసిన సినిమా ఎవరికీ విశ్రాంతినివ్వదు. పైగా అలసిపోయినప్పుడు ఇష్టమైన, పరిచయమైన కథాలోకంలోకి వెళ్ళినవాళ్ళకు మనసు మీద కాస్త పట్టు, అంటే మనోనిగ్రహం, తిరిగి వస్తోందనీ, ఏదో ఒకటి చూద్దామని టీవీ పెట్టినవాళ్ళకు అలా కాలేదనీ 2013లో అమెరికాలో జే డెరిక్ అనే మనస్తత్వ పరిశోధకురాలు ప్రచురించారు. మనోనిగ్రహం నిజంగా అలా ఖర్చయి మళ్ళీ నిండుతుందా అన్న దాని మీద తర్వాత పెద్ద వాదనలే జరిగాయి కాబట్టి దాన్ని మందుచీటీలా తీసుకోకండి. కానీ 'ఏదో ఒకటి'కీ, 'నాకు తెలిసింది'కీ తేడా ఉందన్నది గుర్తుపెట్టుకోదగ్గ మాట.

లక్షణం: ఇష్టమైన సినిమానే, చూశాక గుండె ఇంకా బరువెక్కింది

పరిచయం అన్ని భావాలనూ దగ్గర చేస్తుంది, ఏడుపును కూడా. 'బొమ్మరిల్లు' (2006) నాకు చాలా ఇష్టం. కానీ ర్యాంకు గురించి ఇంట్లో నాన్నతో మాటలు లేని రోజున, కొడుకు తండ్రి ముందు బద్దలయ్యే ఆ క్లైమాక్స్ పెట్టుకోకూడదు. కాలేజీ, ర్యాంకులు, హాస్టల్ గొడవలున్న సినిమాలన్నీ ఈ నెలకు పక్కన పెట్టండి. మీ ఇప్పటి బతుకుతో సంబంధం లేని లోకం కావాలి. జంధ్యాల 'అహ నా పెళ్ళంట' (1987)లో కోట శ్రీనివాసరావు కోడిని ఎదురుగా వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సీన్‌లో మీ ఈఏపీసెట్‌ను గుర్తుచేసేది ఒక్కటీ లేదు. 'నువ్వు నాకు నచ్చావ్' (2001)లో డైనింగ్ టేబుల్ ముందు వెంకటేష్ ప్రార్థన కూడా అలాంటిదే. సినిమా సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. పది నిమిషాలయ్యాక భుజాలు కిందికి దిగాయా, దవడ వదులైందా చూసుకోండి. లేకపోతే ఆ రోజుకు అది కాదు, మార్చండి.

లక్షణం: పక్కన పాత సినిమా పెట్టుకుని చదివితే ఏదీ ఎక్కట్లేదు

ఎక్కదు. చెవిన పడే మాటలు, మనం పట్టించుకోకపోయినా, వరసగా గుర్తుపెట్టుకోవాల్సిన వాటిని చెడగొడతాయని 1970ల నుంచీ ప్రయోగాల్లో తేలుతూనే ఉంది. డైలాగ్ ముందే తెలిసినప్పుడు మన పెదాలు కూడా దానితో కదులుతాయి, ఇక ఫార్ములా ఎక్కడ నిలుస్తుంది? రికార్డుకు అట్టలు వేయడం, బొమ్మలకు రంగులు దిద్దడం లాంటి పనులప్పుడైతే పర్వాలేదు. చదివేటప్పుడు మాత్రం కట్టెయ్యాల్సిందే.

లక్షణం: ఏ సినిమా పెట్టినా ఏమీ అనిపించట్లేదు

ఒక్కరోజైతే అలసట, పడుకోండి. రోజుల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, ఎప్పుడూ నవ్వించే సీన్ కూడా గోడను చూసినట్టే ఉన్నా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది సినిమాతో తీరేది కాదు. ఇంట్లో మీ మాట వినే ఒక్కరికి ఈరోజే చెప్పండి, టెలీమానస్‌కు 14416 నంబర్‌కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.